మబ్బు పట్టిన నాలుగు రోజులకే చేపలెందుకు తేలతాయి?

ఇండోనేషియాలోని పశ్చిమ జావాలో చితారుమ్ అనే నది ఉంది. దాని మీద ఒకదాని కింద ఒకటిగా మూడు పెద్ద జలాశయాలు ఉన్నాయి. పైన సగులింగ్, నడుమ చిరాటా, దిగువన జతిలుహుర్. వీటిలో వేలాది వల పంజరాలు తేలుతుంటాయి. ఒక్కో పంజరంలో వందల కిలోల చేప పెరుగుతుంది. అక్కడ వానాకాలం నవంబరులో మొదలవుతుంది. ఆ రోజుల్లో పంజరాల రైతులకు కంటి మీద కునుకు ఉండదు. మూడు నాలుగు రోజులు వరసగా మబ్బు పట్టి, చల్లగాలి వీచి, వాన పడిందంటే చాలు, ఏదో ఒక తెల్లవారుజామున పంజరంలోని చేపలన్నీ వెల్లకిలా తేలతాయి. పెద్ద ఘటన జరిగిన ఏడాది నష్టం వందల టన్నుల్లో ఉంటుంది.

ఇలాంటిది ఎక్కడ జరిగినా మొదట వచ్చే అనుమానం ఎవరైనా విషం కలిపారా అని. తరువాత ఏ ఫ్యాక్టరీ నీళ్లు వదిలిందోనని వెతుకుతారు. కొన్నిసార్లు అదీ నిజమే. కానీ చితారుమ్ జలాశయాల్లో ఏటా ఇదే కాలంలో, ఇదే వాతావరణంలో చేపలు చచ్చిపోవడానికి అసలు కారణం ఆ జలాశయం అడుగునే ఉంది. చేపలను చంపే నీళ్లు బయటి నుంచి రావు. నెలల తరబడి పంజరాల కిందే, పది మీటర్ల లోతులో ఉంటాయి. వాటిని పైకి రాకుండా ఆపేది రెండు మూడు డిగ్రీల ఉష్ణోగ్రత తేడా. ఆ తేడా పోయిన రోజు అవి పైకి వస్తాయి.

రెండు పొరల నీళ్లు

జలాశయంలో నీళ్లన్నీ ఒక్కటేనని పైనుంచి చూసేవారికి అనిపిస్తుంది. కానీ ఎండ నీటిలోకి ఎక్కువ లోతుకు దిగదు. పచ్చగా నాచు పట్టిన నీటిలో అయితే మొదటి రెండు మూడు మీటర్లలోనే దాదాపు అంతా ఆగిపోతుంది. దాంతో పైనీళ్లు వేడెక్కుతాయి. వేడెక్కిన నీరు కొంచెం తేలికవుతుంది కనుక పైనే ఉంటుంది. అడుగున ఉన్న చల్లటి నీరు బరువుగా ఉండి కిందే ఉండిపోతుంది. ఈ రెండింటి మధ్య ఉష్ణోగ్రత చకచకా పడిపోయే ఒక పలుచని మండలం ఉంటుంది. దాన్ని శాస్త్రజ్ఞులు థర్మోక్లైన్ అంటారు. పై పొరలోని నీరు గాలికి, రాత్రి చలికి తనలో తాను కలుస్తూనే ఉంటుంది. కానీ ఈ మండలాన్ని దాటి కిందికి వెళ్లదు. కింది నీరు పైకీ రాదు.

అమెరికా, ఐరోపా లాంటి చలిదేశాల సరస్సుల్లో ఎండాకాలంలో పైనీరు 22 డిగ్రీలు, అడుగునీరు 6 డిగ్రీలు ఉండవచ్చు. అంత పెద్ద తేడాను ఒక వారం మబ్బులు చెరపలేవు. శరదృతువు వచ్చి నెలల తరబడి చలి పడితేనే ఆ నీళ్లు కలుస్తాయి. ఉష్ణమండలంలో అలా కాదు. జావాలో గానీ మన దగ్గర గానీ లోతైన జలాశయంలో పైన 29 డిగ్రీలుంటే, అడుగున 25, 26 డిగ్రీలు ఉంటాయి. ఇంత చిన్న తేడా రెండు పొరలను విడిగా ఎలా పట్టి ఉంచుతుందని సందేహం రావచ్చు.

జవాబు నీటి స్వభావంలోనే ఉంది. చల్లటి నీటిలో ఒక డిగ్రీ మారితే బరువు పెద్దగా మారదు. ఒక ఘనమీటరు నీరు, అంటే వెయ్యి లీటర్లు, 5 డిగ్రీల నుంచి 6 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత సుమారు 24 గ్రాములే తగ్గుతుంది. అదే నీరు 29 నుంచి 30కి వెళితే సుమారు 300 గ్రాములు తగ్గుతుంది. అంటే వేడినీటిలో ఒక్క డిగ్రీ తేడాకు చలినీటిలో పన్నెండు డిగ్రీలంత బలం ఉంది. అందుకే ఉష్ణమండల జలాశయంలో రెండున్నర డిగ్రీల తేడాయే రెండు పొరలను నెలల తరబడి విడదీయగలదు.

కానీ ఇందులోనే ముప్పు కూడా ఉంది. పొరలను పట్టి ఉంచడానికి రెండున్నర డిగ్రీలు చాలు కనుక, వాటిని కలిపేయడానికి కూడా పైనీరు రెండున్నర డిగ్రీలు చల్లబడితే చాలు. దానికి చలికాలం రానక్కర్లేదు. కొన్ని రోజుల మబ్బు చాలు.

అడుగున ఆక్సిజన్ ఎందుకు ఉండదు

చేప నీటిలో కరిగిన ఆక్సిజన్‌నే పీల్చుకుంటుంది. ఆ ఆక్సిజన్ నీటిలోకి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి పైనున్న గాలి నుంచి. రెండోది ఎండలో నాచు, సూక్ష్మమైన వృక్షజీవులు ఆహారం తయారు చేసుకుంటూ వదిలేది. ఈ రెండూ పై పొరలోనే జరుగుతాయి. అడుగు పొరకు గాలి తగలదు, వెలుతురు అందదు. అక్కడికి కొత్త ఆక్సిజన్ రావడానికి మార్గం లేదు.

ఖర్చు మాత్రం ఆగదు. పై నుంచి చచ్చిన నాచు, చేపలు తినకుండా వదిలేసిన మేత, పెంట, నది మోసుకొచ్చిన మురుగు అన్నీ కిందికి దిగుతాయి. బ్యాక్టీరియా వాటిని కుళ్లబెడుతూ ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో కుంపటి రాజేసినట్టు ఉంటుంది అక్కడి పరిస్థితి.

వేడి దేశాల్లో ఇది మరీ త్వరగా జరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే బ్యాక్టీరియా పని సుమారు రెట్టింపవుతుంది. అడుగునీరు 6 డిగ్రీలున్న చలిదేశపు సరస్సులో నెలల తరబడి మిగిలే ఆక్సిజన్, 26 డిగ్రీల అడుగునీటిలో కొన్ని వారాల్లోనే అయిపోతుంది. పైగా వేడినీరు మొదటినుంచీ తక్కువ ఆక్సిజన్‌నే పట్టి ఉంచుతుంది. 10 డిగ్రీల నీరు గాలి నుంచి లీటరుకు 11 మిల్లీగ్రాములకు పైగా తీసుకోగలిగితే, 30 డిగ్రీల నీరు ఏడున్నర మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. రాబడి తక్కువ, ఖర్చు ఎక్కువ.

ఆక్సిజన్ పూర్తిగా అయిపోయాక కూడా బ్యాక్టీరియా ఆగదు. నీటిలోని సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడును వదులుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. అడుగు బురదలో ఉన్న ఇనుము కరిగి నీటిలోకి వస్తుంది. అమ్మోనియా, మీథేన్ పేరుకుంటాయి. హైడ్రోజన్ సల్ఫైడు చేపకు నేరుగా విషం. లీటరు నీటిలో మిల్లీగ్రాములో వందో వంతుల్లో ఉన్నా ప్రమాదమే. దీనితో మరో చిక్కు ఉంది. ఈ వాయువు, కరిగిన ఇనుము, మీథేన్ అన్నీ ఆక్సిజన్ ఉన్న నీటిలోకి వచ్చిన వెంటనే దాన్ని లాక్కోవడం మొదలుపెడతాయి. ఒక మిల్లీగ్రాము హైడ్రోజన్ సల్ఫైడు పూర్తిగా మారడానికి దాదాపు రెండు మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. అంటే అడుగునీటిలో ఆక్సిజన్ సున్నా ఉండటమే కాదు, అది పైకి వస్తూ పైవాళ్లకు అప్పు మోసుకొస్తుంది కూడా.

చితారుమ్‌లో జరిగింది

జతిలుహుర్ ఆనకట్ట 1967లో పూర్తయింది. సగులింగ్ 1985లో, చిరాటా 1988లో నిండాయి. సగులింగ్, చిరాటా కింద వేల కుటుంబాల పొలాలు, ఇళ్లు మునిగిపోయాయి. భూమి పోయిన వారికి బతుకుదెరువుగా జలాశయంలోనే వల పంజరాల్లో చేపలు పెంచడం నేర్పారు. బాండుంగ్‌లోని పజాజరన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ పనికి అండగా నిలిచారు. పథకం విజయవంతమైంది. ఏడు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పున్న పంజరం, అందులో బంగారుతీగ చేపలు. పై వలలోంచి జారిన మేతను తినేందుకు కింద ఇంకో వలలో తిలాపియా. కొద్ది కాలంలోనే నగరాల నుంచి పెట్టుబడిదారులు కూడా వచ్చి చేరారు. చిరాటాలో 12 వేల పంజరాలకు మించకూడదని ప్రభుత్వం పరిమితి పెట్టింది. పంజరాల సంఖ్య 50 వేలు దాటిపోయింది.

ఇవన్నీ చూస్తే జలాశయం అడుగున ఎంత భారం పేరుకుందో అర్థమవుతుంది. ఒక టన్ను చేప పెరగాలంటే టన్నున్నర నుంచి రెండు టన్నుల మేత వేయాలి. అందులో చేప ఒంట్లో నిలిచేది కొంతే. మిగతాది పెంటగా, కరిగిన నత్రజని, భాస్వరంగా నీటిలోకి పోతుంది. దీనికి తోడు పైనుండే బాండుంగ్ లోయ నగరాల మురుగు, మజలయ ప్రాంతపు బట్టల మిల్లుల నీరు నదిలో కలిసి మొదట సగులింగ్‌లోకి వస్తాయి. భాస్వరం ఎక్కువైతే నాచు పెరుగుతుంది. నాచు చచ్చి కింద పడితే ఆక్సిజన్ ఇంకా త్వరగా తగ్గుతుంది. చివరకు ఆక్సిజన్ ఉన్న పై పొర కొన్ని మీటర్లకు కుదించుకుపోతుంది. జలాశయం లోతు వంద మీటర్లకు దగ్గరగా ఉన్నా, చేపకు పనికొచ్చే నీరు ఆ పైనున్న ఐదారు మీటర్లే. పంజరాలన్నీ ఆ పలుచటి పొరలోనే వేలాడుతుంటాయి.

ఒక్క వారంలో ఏమవుతుంది

ఇప్పుడు కొన్ని లెక్కలు చూద్దాం. ఇవి ఒక ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు. అయినా అలాంటి జలాశయాల స్థితికి దగ్గరగా ఉంటాయి.

పై పొర మందం ఆరు మీటర్లు, ఉష్ణోగ్రత 29 డిగ్రీలు, ఆక్సిజన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాములు అనుకుందాం. దాని కింద పన్నెండు మీటర్ల నీరు 26.5 డిగ్రీల దగ్గర ఉంది. అందులో ఆక్సిజన్ సున్నా. వానాకాలం మొదలైంది. మబ్బులు కమ్మాయి. రోజూ ఎండ ఇచ్చే వేడి బాగా తగ్గిపోయింది. కానీ నీటి మీద గాలి వీస్తూనే ఉంది, ఆవిరి పోతూనే ఉంది. ఒక చదరపు మీటరు మీద రోజుకు ఐదు మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే ఐదు లీటర్లు పోయినట్టు. ఆ ఐదు లీటర్లు ఆవిరి కావడానికి తీసుకెళ్లే వేడి, కిందున్న ఆరు టన్నుల నీటిని సుమారు అర డిగ్రీ చల్లబరుస్తుంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నపు ఎండ ఆ లోటు తీరుస్తుంది. మబ్బు రోజుల్లో తీర్చలేదు. రాత్రి చలి, చల్లటి వాన మరికొంత వేడిని తీసుకెళతాయి. ఇలా రోజుకు అర డిగ్రీ చొప్పున ఐదు రోజులు గడిస్తే రెండున్నర డిగ్రీలు తగ్గిపోతాయి. పైనీరు, కిందినీరు ఒకే ఉష్ణోగ్రతకు వస్తాయి. ఇక వాటిని విడదీసేదేమీ లేదు. గాలి గట్టిగా వీస్తే ఐదు రోజుల దాకా కూడా ఆగదు.

పొరలు కలిస్తే ఆక్సిజన్ ఎంత మిగులుతుంది? ఆరు మీటర్లలో ఉన్న ఆక్సిజన్ పద్దెనిమిది మీటర్లకు పంచాలి. లీటరుకు 6.5 ఉన్నది సుమారు 2.2 అవుతుంది. కిందినీటిలో లీటరుకు అర మిల్లీగ్రాము హైడ్రోజన్ సల్ఫైడు ఉందనుకుంటే, అది కూడా తన వాటా తీసుకుంటుంది. మిగిలేది 1.5. కరిగిన ఇనుము, మీథేన్, బ్యాక్టీరియా తీసుకునేది ఈ లెక్కలో కలపనే లేదు.

చేపలకు లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే హాయి. మూడు దగ్గరకు వస్తే మేత తినడం మానేస్తాయి. ఒకటి, రెండు మధ్య గంటల తరబడి ఉంటే చాలా చేపలు బతకవు. తిలాపియా కొంత తట్టుకుంటుంది. బంగారుతీగ అంతగా తట్టుకోదు. అందుకే పై వల ఖాళీ అయినా కింది వలలో కొన్ని బతికి కనబడవచ్చు. హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువగా పైకి వచ్చిన చోట ఆ తేడా కూడా ఉండదు.

స్వేచ్ఛగా తిరిగే చేప ఇలాంటప్పుడు నది వచ్చి కలిసే చోటికో, ఒడ్డు పక్క కాస్త గాలి తగిలే నీటిలోకో పారిపోతుంది. పంజరంలోని చేపకు ఆ దారి లేదు. పైగా పంజరం లోపలి నీరే ఎంత త్వరగా అయిపోతుందో చూడండి. ఏడు మీటర్ల పంజరంలో మూడు మీటర్ల లోతు నీరంటే సుమారు 147 ఘనమీటర్లు. లీటరుకు 6 మిల్లీగ్రాముల చొప్పున అందులో 880 గ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. టన్ను చేప గంటకు సుమారు పావు కిలో ఆక్సిజన్ పీలుస్తుంది. బయటి నీరు వల గుండా వచ్చి పోకపోతే మూడున్నర గంటల్లో ఖాళీ. ఆక్సిజన్ 2కి పడిపోయిన రోజున గంటకు కాస్త పైన మాత్రమే వస్తుంది. వరస వరసలుగా పంజరాలు కట్టి, వలల మీద పాకుడు పట్టి, నీటి ప్రవాహం మందగించిన చోట ముందు చావులు మొదలవడానికి కారణం ఇదే.

మబ్బుకు తోడు నది కూడా దెబ్బ తీస్తుంది. తొలి వానలకు కొండల నుంచి వచ్చే వరద నీరు చల్లగా, బురదతో బరువుగా ఉంటుంది. అది జలాశయంలో పైన పరుచుకోదు. అడుగుకు దిగి, బురద పట్టిన నీటిని లేపుతూ ముందుకు పాకుతుంది. అక్కడి పాత నీరు పైకి జరగక తప్పదు. ఎండాకాలంలో నీళ్లు వాడేసి జలాశయం మట్టం తగ్గి ఉండే కాలం కూడా అదే. అడుగు, పంజరం దగ్గరపడతాయి. అక్కడి రైతులు నీరు ఇలా తిరగబడటాన్ని ఉంబాలన్ అంటారు. ఆ రోజుల ముందే చేపలు పట్టేయమని, కొత్త పిల్లలు వేయవద్దని అధికారులు ఏటా హెచ్చరిస్తారు. మార్కెట్ ధర కోసం నాలుగు రోజులు ఆగినవారే ఎక్కువ నష్టపోతారు.

ఇదేనని ఎలా తెలుస్తుంది

నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చచ్చిన చేపలకూ, విషంతో చచ్చిన చేపలకూ, రోగంతో చచ్చిన చేపలకూ గుర్తులు వేరు. రోగమైతే రోజుకు కొన్ని చొప్పున, వారాల తరబడి పోతాయి. తరచూ ఒకే జాతికి పరిమితమవుతుంది. ఒంటి మీద పుండ్లు, మచ్చలు కనిపిస్తాయి. విషమైతే పగలు రాత్రి తేడా ఉండదు. చిన్న చేపలు ముందు పోతాయి, నీటిలోని పురుగులు కూడా చస్తాయి.

ఆక్సిజన్ తగ్గితే తెల్లవారుజాము నుంచి సూర్యోదయం వరకు చావులు ఎక్కువ. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్‌ను వాడుకోవడం వల్ల తెల్లవారుజామునే అతి తక్కువ స్థాయి ఉంటుంది. ముందు రోజు నుంచే చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుచుకుని గుటకలు వేస్తుంటాయి. మేత ముట్టవు. పెద్ద చేపలు ముందు పోతాయి, ఎందుకంటే వాటికి ఆక్సిజన్ అవసరం ఎక్కువ. చనిపోయిన చేప నోరు, మొప్పలు తెరుచుకుని ఉంటాయి. నీళ్లు పచ్చరంగు వదిలి ముదురు గోధుమ రంగుకో, బూడిద రంగుకో మారితే, దాంతోపాటు కుళ్లిన గుడ్ల వాసన వస్తే, అడుగునీరు పైకి వచ్చిందనే అర్థం.

అయితే చేపలు తేలిన మరునాడు మధ్యాహ్నం వచ్చి, ఒడ్డు పక్క ఒక గ్లాసు నీళ్లు తీసి పరీక్ష చేస్తే ఏమీ తెలియదు. అప్పటికి ఎండ వచ్చి ఉంటుంది, పైనీరు గాలి నుంచి కొంత ఆక్సిజన్ తీసుకుని ఉంటుంది. పరీక్ష బాగానే వచ్చిందని చెబితే అందరి అనుమానం మళ్లీ విషం మీదకు పోతుంది. చేయాల్సింది పొడవైన కేబుల్ ఉన్న ఆక్సిజన్ మీటరును పడవలోంచి మీటరు మీటరుకు కిందికి దించి, ప్రతి మీటరు దగ్గర ఉష్ణోగ్రత, ఆక్సిజన్ రాసుకోవడం. పదిహేను నిమిషాల పని. ఆక్సిజన్ ఏ లోతు దగ్గర హఠాత్తుగా పడిపోతోందో తెలుస్తుంది. పై అడుగు ఉష్ణోగ్రతల మధ్య తేడా వారం వారం తగ్గుతూ రెండు డిగ్రీల కిందికి వచ్చిందంటే, పంజరాలు ఖాళీ చేయాల్సిన సమయం వచ్చిందన్నమాట.

యంత్రాలు ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ ముంచుతాయి

ఏరియేటర్లు వేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. మన కృష్ణా, గోదావరి డెల్టాల చేపల చెరువుల్లో అవి బాగా పనిచేస్తాయి. ఆ చెరువు లోతు రెండు మీటర్లకు కాస్త అటు ఇటు. అక్కడ కూడా పగలు పొరలు కడతాయి, కానీ రాత్రి చలికి కలిసిపోతాయి కాబట్టి అడుగున నెలల విషం పేరుకోదు. మబ్బు పట్టిన రోజు, రాత్రి పన్నెండు దాటాక, తెల్లవారే వరకు ఏరియేటరు తిప్పాలని కైకలూరు, భీమవరం వైపు రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెరువు మొత్తం వాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

యాభై మీటర్ల లోతున్న జలాశయంలో కథ వేరు. నీటిపైన తిరిగే చక్రం పైనున్న నీటికే గాలి పట్టిస్తుంది. పొరలు తిరగబడుతున్న రాత్రి కోట్ల లీటర్ల ఆక్సిజన్ లేని నీటికి అది జవాబు కాదు. అడుగు నుంచి గాలి బుడగలు వదిలే పద్ధతి ఒకటుంది. కొన్ని తాగునీటి జలాశయాల్లో పొరలు ఏర్పడకుండా చూసేందుకు వాడతారు. దానికో షరతు ఉంది. పొరలు కట్టకముందే మొదలుపెట్టి, ఆపకుండా నడపాలి. అడుగునీరు పాడైపోయాక, భయం వేసి బుడగలు వదిలితే, ఆ బుడగలే అడుగునీటిని పైకి లాక్కొచ్చి, మబ్బులు చేయబోయే పనిని ముందే చేసేస్తాయి. చేపలను కాపాడబోయి చేతులారా చంపినట్టవుతుంది.

ఆపద వచ్చాక చేయగలిగినవి తక్కువే. వెంటనే మేత ఆపాలి. తిన్న చేప అరిగించుకునేందుకు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ పీలుస్తుంది. వీలైతే చేపలు పలచబరచాలి, లేదా పట్టేసి అమ్ముకోవాలి. పంజరాలను ప్రవాహం ఉన్న వైపుకు లాగాలి. చనిపోయిన వాటిని అదే రోజు తీసేయాలి. నీళ్లలోనే కుళ్లనిస్తే మిగిలిన ఆక్సిజన్ కూడా వాటికే ఖర్చవుతుంది.

అసలు మందు మాత్రం ఆపదకు నెలల ముందే ఉంటుంది. జలాశయం ఎంత మేతను, ఎంత పెంటను భరించగలదో లెక్క కట్టి పంజరాల సంఖ్యను దాని లోపే ఉంచడం. లెక్క కట్టడానికి ఉపరితలం ఎంత పెద్దదో చూస్తే చాలదు. ఏ లోతు వరకు ఆక్సిజన్ ఉంది, ఏడాదిలో నీళ్లు ఎన్నిసార్లు మారుతున్నాయి, నదిలోంచి ఎంత భాస్వరం వస్తోందన్నవి చూడాలి. 2018లో ఇండోనేషియా ప్రభుత్వం చితారుమ్ నదిని బాగుచేసే కార్యక్రమం మొదలుపెట్టి, అందులో భాగంగా జలాశయాల పంజరాలను తగ్గించడానికి పూనుకుంది. ముప్పై ఏళ్ల పాటు వేల కుటుంబాల జీవనాధారమైన పనిని తగ్గించడం ఎంత కష్టమో అప్పుడు అందరికీ తెలిసింది. మొదట్లోనే పరిమితి దాటనీయకపోయి ఉంటే ఆ కష్టం వచ్చేది కాదు.

మన జలాశయాలకు పాఠం

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మన దేశంలో జలాశయాల్లో కేజ్ కల్చర్‌కు ప్రభుత్వాలు రాయితీలు ఇస్తున్నాయి. తెలుగు రాష్ట్రాల్లోనూ జలాశయాల్లో ఈ సాగు సాగుతోంది. మన దగ్గర పంజరాల సంఖ్య ఇంకా చిరాటా స్థాయికి దగ్గర్లో కూడా లేదు. అదే మన అవకాశం. మన వాతావరణంలో ప్రమాదం ఉన్న రోజులు రెండు. ఎండలు మండి, నీటి మట్టం తగ్గిన తరువాత జూన్‌లో వచ్చే తొలి వానల వారం ఒకటి. రెండోది అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు పట్టి ఎడతెరిపి లేకుండా మబ్బు, గాలి ఉండే రోజులు. ఆ తరువాత డిసెంబరు చలికి కూడా పైనీరు చల్లబడి అడుగుదాకా కలుస్తుంది. అడుగున అంతకుముందు ఏమీ పేరుకోకపోతే ఆ కలయిక వల్ల చేపకు హాని లేదు, నిజానికి మేలే. పేరుకుని ఉంటేనే ముప్పు.

అందుకే పంజరాలకు అనుమతి ఇచ్చే మత్స్య శాఖ, జలాశయాన్ని నడిపే నీటిపారుదల శాఖ ముందు చేయాల్సిన పని పెద్దదేం కాదు. ఒక పడవ, ఒక కేబుల్ మీటరు, నెలకు రెండుసార్లు పైనుంచి అడుగుదాకా ఉష్ణోగ్రత, ఆక్సిజన్ కొలత, ఆ అంకెలు సాగుదారులకు తెలియజేయడం. అనుమతి అడిగే సొసైటీలు కూడా మొదట అడగాల్సింది ఎన్ని పంజరాలకు రాయితీ వస్తుందని కాదు. ఈ జలాశయంలో ఎన్ని మీటర్ల లోతు దాకా చేప బతకగలదని అడగాలి. ఆ అంకె చెప్పలేని చోట పంజరం దించకండి.